ఈసాప్ షేర్ల పన్ను: ఎక్సర్‌సైజ్ చేసినప్పుడెంత, అమ్మినప్పుడెంత? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగులకు కంపెనీ తన షేర్లు ముందే ఖరారు చేసిన ధరకు కొనుక్కునే అవకాశం ఇచ్చే పథకమే ఈసాప్. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో ఏటా రెండు సీజన్లలో దాని పన్ను మీద సందేహాలు నా దగ్గరికి వస్తుంటాయి: మార్చిలో టీడీఎస్ కోత చూసుకున్నాక, జులైలో రిటర్న్ వేసేటప్పుడు. అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్నలు మారవు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

ఇక్కడి లెక్కలు, రేట్లు 2024 జులై 23 తర్వాత అమలైనవి, 2024-25, 2025-26 ఆర్థిక సంవత్సరాలకు వర్తించేవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. పాత నంబర్లతో తికమక ఎందుకని వాటి జోలికి వెళ్లలేదు.

## గ్రాంట్, వెస్టింగ్ దశ

ఆఫర్ లెటర్‌తో పాటు 1,000 ఆప్షన్లు ఇచ్చారు. ఇప్పుడే పన్ను పడుతుందా?

పడదు. గ్రాంట్ అంటే ఫలానా ధరకు షేర్లు కొనుక్కునే హక్కు ఇస్తామన్న మాట మాత్రమే, షేరు ఇంకా మీ చేతిలో లేదు. వెస్టింగ్ నాడు ఆ హక్కు మీ సొంతమవుతుంది, అయినా ఆ రోజూ పన్ను ఉండదు. వెస్ట్ అయిన ఆప్షన్లను ఎక్సర్‌సైజ్ చేసి, డబ్బు కట్టి, షేర్లు తీసుకున్నప్పుడే మొదటి పన్ను. ఆ షేర్లను అమ్మినప్పుడు రెండోది. అప్పటిదాకా కంపెనీ ఈసాప్ పోర్టల్‌లో మీ పేరు పక్కన ఎన్ని లక్షలు కనిపించినా రిటర్న్‌లో చూపించాల్సింది ఏమీ లేదు.

గ్రాంట్ ప్రైస్, మార్కెట్ ప్రైస్, అమ్మిన ధర. వీటిలో ఏది దేనికి వాడాలి?

గ్రాంట్ ప్రైస్ అంటే లెటర్‌లో రాసిన ధర, ఎక్సర్‌సైజ్ చేసేటప్పుడు మీరు కంపెనీకి కట్టేది. ఎక్సర్‌సైజ్ రోజు మార్కెట్ విలువ నుంచి దాన్ని తీసేస్తే వచ్చే తేడా మీ జీతం కింద లెక్క. అమ్మిన ధర నుంచి అదే ఎక్సర్‌సైజ్ రోజు మార్కెట్ విలువను తీసేస్తే వచ్చేది క్యాపిటల్ గెయిన్.

అంటే ఎక్సర్‌సైజ్ రోజు విలువ రెండు లెక్కల్లోనూ ఉంటుంది. దాని కింద ఉన్న లాభం జీతం, పైన ఉన్నది క్యాపిటల్ గెయిన్. ఈ ఒక్క అంకె రాసి పెట్టుకోకపోవడం వల్లే సగం గొడవలు వస్తాయి. గ్రాంట్ ఇచ్చిన రోజు మార్కెట్ రేటు ఎంతన్నది మాత్రం పన్ను లెక్కలో ఎక్కడా రాదు.

## ఎక్సర్‌సైజ్ దశ

నేను ఒక్క షేరు కూడా అమ్మలేదు. మరి జీతంలోంచి అంత టీడీఎస్ ఎందుకు కోశారు?

ఎక్కువ ధర ఉన్న షేరును కంపెనీ మీకు తక్కువకు ఇచ్చింది. ఆ తగ్గింపును చట్టం జీతంలో భాగంగా, అంటే పర్క్విజిట్‌గా చూస్తుంది. మీరు అమ్మారా లేదా అన్నదానితో దానికి పనిలేదు.

ఒక కేసు చూద్దాం. లిస్టెడ్ కంపెనీ ఉద్యోగికి ₹120 ధరతో 1,000 ఆప్షన్లు 2021 జులైలో గ్రాంట్ అయ్యాయి. వెస్ట్ అయ్యాక 2024 ఆగస్టు 20న అన్నీ ఎక్సర్‌సైజ్ చేశారు. ఆ రోజు షేరు విలువ ₹480. ఒక్కో షేరుకు తేడా ₹360, వెయ్యి షేర్లకు ₹3,60,000. ఇది ఆ ఏడాది జీతానికి కలుస్తుంది. ఆయన 30 శాతం స్లాబ్‌లో ఉన్నారు కాబట్టి 4 శాతం సెస్‌తో కలిపి పన్ను ₹1,12,320.

షేర్ల కోసం కట్టిన ₹1,20,000 కూడా కలిపితే ఆయన జేబులోంచి పోయింది ₹2,32,320. చేతికి చిల్లిగవ్వ రాలేదు, డీమ్యాట్‌లో షేర్లు మాత్రం వచ్చాయి. ‘వచ్చిన డబ్బుకే కదా పన్ను’ అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

ఎక్సర్‌సైజ్ రోజు విలువ అంటే ఆ రోజు హై రేటా, క్లోజింగ్ రేటా?

రెండూ కాదు. మన దేశంలో లిస్ట్ అయిన షేరైతే ఎక్సర్‌సైజ్ రోజు ఓపెనింగ్, క్లోజింగ్ ధరల సగటు. ఉదయం ₹474తో మొదలై సాయంత్రం ₹486 దగ్గర ఆగితే విలువ ₹480. మధ్యలో ₹500 తాకినా లెక్కలోకి రాదు. షేరు రెండు ఎక్స్ఛేంజీల్లో లిస్ట్ అయి ఉంటే ఆ రోజు ఎక్కువ వాల్యూమ్ జరిగిన చోటి ధరలే తీసుకుంటారు. ఆ రోజు ట్రేడింగే లేకపోతే అంతకు ముందు దగ్గరి రోజు క్లోజింగ్ ధర.

లిస్ట్ కాని కంపెనీ అయితే మర్చంట్ బ్యాంకర్ ఇచ్చిన వాల్యుయేషన్. అది ఎక్సర్‌సైజ్ రోజుది కావచ్చు, లేదా అంతకు ముందు 180 రోజుల లోపుది కావచ్చు. మొన్నటి ఫండింగ్ రౌండ్‌లో ఇన్వెస్టర్లు పెట్టిన ధర పేపర్లో చదివి దాంతో లెక్క వేసుకోకండి, ఈ రిపోర్టులోని అంకె వేరుగా ఉండొచ్చు.

ఎక్సర్‌సైజ్ చేశాక షేర్లు అలాట్ కావడానికి, అంటే మీ పేరున కేటాయించడానికి, కొన్ని రోజులు పడుతుంది. ఆ లోపు రేటు ₹480 నుంచి ₹510కి వెళ్లినా జీతం లెక్క ₹480 మీదే. పెరిగిన ₹30 సంగతి అమ్మినప్పుడు క్యాపిటల్ గెయిన్‌లో తేలుతుంది.

ఎక్సర్‌సైజ్ చేసిన నెలలో జీతం మొత్తం పన్నుకే పోతుందంటున్నారు. ఈఎంఐ ఎలా కట్టాలి?

ఆ భయం నిజమే. నెల జీతం లక్షన్నర ఉండి, పర్క్విజిట్ మీద పన్ను రెండు లక్షలు వస్తే జీతంలో కోయడానికి చోటే ఉండదు. అందుకే చాలా కంపెనీలు మూడింట్లో ఒక పద్ధతి పాటిస్తాయి: టీడీఎస్ మొత్తాన్ని ఎక్సర్‌సైజ్ ధరతో పాటే ముందుగా కట్టించుకోవడం, మిగిలిన నెలల జీతాల్లో సర్దడం, లేదా పన్నుకు సరిపడా షేర్లు వెంటనే అమ్మించి మిగతావి డీమ్యాట్‌లో వేయడం. మీ కంపెనీది ఏ పద్ధతో పోర్టల్‌లో బటన్ నొక్కకముందే హెచ్‌ఆర్‌ని అడగండి. నొక్కాక అడిగితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మూడో పద్ధతిలో చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. పన్ను కోసం అమ్మిన షేర్లు కూడా మీరు అమ్మినవే. ₹480 విలువకు వచ్చిన షేరు ₹477కు అమ్ముడైతే షేరుకు ₹3 షార్ట్ టర్మ్ నష్టం. మొత్తం చిన్నదే అయినా రిటర్న్‌లో చూపించాలి.

మార్చి చివర్లో ఎక్సర్‌సైజ్ చేస్తే ఏ ఏడాది జీతంలో కలుస్తుంది?

విలువ ఎక్సర్‌సైజ్ రోజుది, పన్ను మాత్రం షేర్లు అలాట్ అయిన ఏడాదిది. మార్చి 27న ఎక్సర్‌సైజ్ చేసి ఏప్రిల్ 9న అలాట్ అయితే మార్చి 27 ధరతోనే లెక్క వేసి, ఏప్రిల్‌లో మొదలైన ఏడాది జీతంలో కలుపుతారు.

పెద్ద మొత్తం ఉన్నవాళ్లకు ఇది పనికొచ్చే విషయం. మొత్తం ఆదాయం ₹50 లక్షలు దాటితే పన్ను మీద 10 శాతం సర్‌చార్జి పడుతుంది. అలా దాటేలా ఉంటే కొన్ని ఆప్షన్లు ఈ ఏడాది, మిగతావి ఏప్రిల్ తర్వాత తీసుకుంటే సర్‌చార్జి తప్పవచ్చు. అయితే ఈలోపు షేరు ధర పెరిగితే పర్క్విజిట్ కూడా పెరుగుతుంది. పన్ను ఆదా కోసం ఎదురు చూసి అంతకంటే ఎక్కువ కట్టినవాళ్లూ ఉన్నారు.

మాది స్టార్టప్. పన్ను ఇప్పుడు కట్టక్కర్లేదని సీఈఓ అన్నారు. నిజమేనా?

కొన్ని స్టార్టప్‌లకే నిజం. టీ-హబ్‌లో ఆఫీసు ఉన్నా, స్టార్టప్‌లను గుర్తించే కేంద్ర ప్రభుత్వ విభాగం డీపీఐఐటీ గుర్తింపు ఉన్నా అదొక్కటే చాలదు. పన్ను మినహాయింపునకు అర్హత ఉందని ఇంటర్ మినిస్టీరియల్ బోర్డు ఇచ్చిన సర్టిఫికెట్ కూడా కంపెనీ దగ్గర ఉండాలి. ఆ కాగితం ఉందా అని నేరుగా అడగండి. ‘మాది రిజిస్టర్డ్ స్టార్టప్’ అన్నది దానికి జవాబు కాదు.

ఉంటే, ఎక్సర్‌సైజ్ పన్ను వాయిదా పడుతుంది, రద్దు కాదు. షేర్లు అమ్మినా, ఉద్యోగం మానేసినా, సంబంధిత అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక 48 నెలలు నిండినా, వీటిలో ఏది ముందొస్తే దాని తర్వాత 14 రోజుల్లో కట్టాలి. 2024-25లో షేర్లు వస్తే అసెస్‌మెంట్ ఇయర్ 2026 మార్చి 31తో ముగుస్తుంది, 48 నెలల గడువు 2030 మార్చి 31కి పూర్తవుతుంది. షేర్లు తీసుకున్నవాళ్లు ఉద్యోగం మారేటప్పుడు దీన్నే మరిచిపోతారు. రాజీనామా చేశాక షేర్లు అమ్ముకునే దారి లేకపోయినా పన్ను డబ్బు మాత్రం చూసుకోవాలి. ఆలోగా కంపెనీ విలువ పడిపోయినా పన్ను పాత విలువ మీదే.

## అమ్మకం దశ

ఎక్సర్‌సైజ్ చేసి ఏడాది దాటింది. ఇప్పుడు అమ్మితే లాంగ్ టర్మేగా?

ఎక్సర్‌సైజ్ తేదీ చూసి తొందరపడకండి. హోల్డింగ్ లెక్క మొదలయ్యేది షేర్లు మీ పేరున అలాట్ అయిన తేదీ నుంచి. గ్రాంట్ తేదీకి, వెస్టింగ్ తేదీకి, ఎక్సర్‌సైజ్ తేదీకి ఇక్కడ పనిలేదు. మన ఎక్స్ఛేంజీలో లిస్ట్ అయిన షేర్లకు 12 నెలలు దాటాలి, లిస్ట్ కానివాటికి 24 నెలలు.

తేడా ఎంతుంటుందో ఒక లిస్టెడ్ కంపెనీ ఉద్యోగి కేసులో చూడండి. 2024 ఆగస్టు 20న ఎక్సర్‌సైజ్, ఆ రోజు విలువ ₹480, అలాట్‌మెంట్ సెప్టెంబరు 5న, మొత్తం 1,000 షేర్లు. ‘ఏడాది అయిపోయింది’ అనుకుని 2025 ఆగస్టు 25న ₹640కి అమ్మారు. అలాట్‌మెంట్ నుంచి ఇంకా ఏడాది నిండలేదు కాబట్టి లాభం ₹1,60,000 షార్ట్ టర్మ్. 20 శాతం పన్ను ₹32,000, సెస్‌తో ₹33,280.

అదే షేర్లను అదే ధరకు 2025 సెప్టెంబరు 8న అమ్మి ఉంటే లాంగ్ టర్మ్. ఏడాదికి మొదటి ₹1,25,000 లాభం మీద పన్ను లేదు, ఆయనకు ఆ ఏడాది ఇలాంటి వేరే లాభాలూ లేవు. మిగిలిన ₹35,000 మీద 12.5 శాతం ₹4,375, సెస్‌తో ₹4,550. రెండు వారాలు ఆగనందుకు ₹28,730 అదనం. అలాట్‌మెంట్ తేదీ కంపెనీ పంపిన మెయిల్‌లోనో ఈసాప్ పోర్టల్‌లోనో ఉంటుంది. డీమ్యాట్ ఖాతాలో షేర్లు కనిపించిన తేదీ అంతకంటే కొన్ని రోజులు తర్వాతిది కావచ్చు.

అమ్మినప్పుడు కొన్న ధర కింద నేను కట్టిన ₹120 వేయాలా?

వేయకూడదు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కొన్న ధర కింద వేయాల్సింది ఎక్సర్‌సైజ్ రోజు ఏ విలువతో మీ జీతం లెక్కించారో ఆ విలువ, పై కేసుల్లో వాడిన అంకెలతో చెప్పాలంటే ₹480. ₹120 నుంచి ₹480 దాకా ఉన్న తేడా మీద జీతంలో ఇప్పటికే పన్ను కట్టారు కదా.

₹640కి అమ్మిన 1,000 షేర్లకు ధర ₹120 వేస్తే లాభం ₹5,20,000గా కనిపిస్తుంది. లాంగ్ టర్మ్ అనుకున్నా ₹1,25,000 తీసేశాక పన్ను, సెస్ కలిపి ₹51,350. సరైన ధర ₹480 వేస్తే అదే పన్ను ₹4,550. అంటే ఒకే ఆదాయానికి రెండోసారి ₹46,800 కట్టినట్టు.

ఈ పొరపాటు ఊరికే జరగదు. కంపెనీ నుంచి నేరుగా వచ్చిన షేర్లు మీరు బ్రోకర్ దగ్గర కొన్నవి కావు, అందువల్ల బ్రోకర్ రిపోర్టులో కొన్న ధర సున్నా గానీ ₹120 గానీ కనిపించొచ్చు. పన్ను శాఖ పోర్టల్‌లో కనిపించే మీ లావాదేవీల స్టేట్‌మెంట్ ఏఐఎస్‌లోనూ అదే కథ. రిపోర్టును ఉన్నదున్నట్టు ఎక్కించేస్తే పన్ను తడిసి మోపెడవుతుంది. ఎక్సర్‌సైజ్ ఏడాది ఫారం 16తో వచ్చే ఫారం 12బీఏలో పర్క్విజిట్ మొత్తం ఉంటుంది. దాన్ని షేర్ల సంఖ్యతో భాగించి మీరు కట్టిన ధర కలపండి. ₹3,60,000ను 1,000తో భాగిస్తే ₹360, దానికి ₹120 కలిపితే ₹480. ఒకే ఏడాదిలో రెండు విడతలు ఎక్సర్‌సైజ్ చేసి ఉంటే ఈ లెక్క సగటే ఇస్తుంది, అప్పుడు విడతల వారీ స్టేట్‌మెంట్ పేరోల్ వాళ్ల దగ్గర తీసుకోవాలి.

ఎక్సర్‌సైజ్ చేశాక షేరు పడిపోయింది. జీతంలో కట్టిన పన్ను వెనక్కి వస్తుందా?

రాదు. ₹480 విలువ దగ్గర ఎక్సర్‌సైజ్ చేసిన 1,000 షేర్లను తర్వాత ₹310కి అమ్మారనుకోండి. మీరు కట్టిన ₹120తో పోలిస్తే నిజంగా మిగిలింది ₹1,90,000. పన్ను కట్టింది మాత్రం ₹3,60,000 మీద. మిగతా ₹1,70,000 క్యాపిటల్ లాస్ అవుతుంది, అది జీతంలోంచి తగ్గదు.

ఆ నష్టాన్ని క్యాపిటల్ గెయిన్స్‌లోనే సర్దుకోవాలి. షార్ట్ టర్మ్ నష్టమైతే ఏ క్యాపిటల్ గెయిన్ మీదైనా, లాంగ్ టర్మ్ నష్టమైతే లాంగ్ టర్మ్ లాభం మీదే. సర్దగా మిగిలింది ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు, కానీ ఆ ఏడాది రిటర్న్ గడువులోపే వేసి ఉండాలి. నా అభిప్రాయం అడిగితే, కంపెనీ మీద ఎంత నమ్మకమున్నా పన్నుకు సరిపడా షేర్లు మొదటి వారంలోనే అమ్మేయడం మంచిది. జీతమూ ఆ కంపెనీదే, షేర్లూ దానివే, పన్ను డబ్బు కూడా దాని రేటు మీదే ఆధారపడటం ఎందుకు?

మూడు విడతల్లో ఎక్సర్‌సైజ్ చేశాను. కొన్ని అమ్మితే ఏ విడతవి అమ్మినట్టు?

ఒకే డీమ్యాట్ ఖాతాలో ఉంటే ముందు వచ్చినవే ముందు పోయినట్టు లెక్క. ‘ఎక్కువ విలువతో వచ్చిన చివరి విడత అమ్మాను’ అని మనం ఎంచుకోలేం. ఈ లెక్క ఖాతా వారీగా ఉంటుంది, వేరే డీమ్యాట్‌లో ఉన్న షేర్లు దీనిలో కలవవు.

మాది అమెరికా కంపెనీ, అక్కడ లిస్ట్ అయింది. 14 నెలలకు అమ్మాను. లాంగ్ టర్మ్ కాదా?

కాదు. మన దేశపు ఎక్స్ఛేంజీలో లిస్ట్ కాలేదు కాబట్టి ఇక్కడ అన్‌లిస్టెడ్ షేర్ల లెక్కే: 24 నెలలు దాటాలి. 14 నెలలకు అమ్మితే లాభం మీ స్లాబ్ రేటులో పడుతుంది. 24 నెలలు దాటితే 12.5 శాతం, కానీ ₹1,25,000 మినహాయింపు దీనికి లేదు. షేర్లు అమ్మకపోయినా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి, అదీ ఆర్థిక సంవత్సరం ప్రకారం కాదు, జనవరి నుంచి డిసెంబరు దాకా.

షేర్లు అమ్మి తెల్లాపూర్‌లో ఫ్లాట్ కొంటున్నాను. పన్ను తప్పుతుందా?

లాంగ్ టర్మ్ లాభానికైతే తప్పించుకోవచ్చు. జీతంలో పడిన పన్నుకు మాత్రం దీంతో సంబంధం లేదు. ఒక మెలిక ఉంది: ఇంట్లో పెట్టాల్సింది లాభం ఒక్కటే కాదు, ఖర్చులు పోను అమ్మగా వచ్చిన మొత్తం. షేర్లు ₹40 లక్షలకు అమ్మితే అందులో లాంగ్ టర్మ్ లాభం ₹15 లక్షలే అనుకోండి. మొత్తం ₹40 లక్షలు ఇంట్లో పెడితే ₹15 లక్షలకూ పన్ను లేదు. ₹20 లక్షలే పెడితే సగం లాభానికే, అంటే ₹7.5 లక్షలకే మినహాయింపు.

షేర్లు అమ్మిన రోజుకు మీ పేరున ఒకటికి మించి ఇళ్లు ఉండకూడదు. కొనడమైతే అమ్మకానికి ఏడాది ముందు నుంచి రెండేళ్ల తర్వాత దాకా, కట్టించుకోవడమైతే మూడేళ్ల లోపు. రిటర్న్ గడువు నాటికి ఖర్చు కాని డబ్బును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచి ‘బిల్డర్‌కి ఎప్పటికైనా కట్టేదే కదా’ అంటే కుదరదు.

## రిటర్న్ దశ

కంపెనీ టీడీఎస్ కోసేసింది కదా. రిటర్న్‌లో ఇంకేం చూపాలి?

కంపెనీ కోసింది జీతంలో కలిసిన భాగానికే. ఫారం 16లోని జీతంలో పర్క్విజిట్ ఇప్పటికే కలిసి ఉంటుంది, మళ్లీ విడిగా కలపకండి. అమ్మకం లాభం సంగతి కంపెనీకి తెలియదు, లిస్టెడ్ షేర్లు అమ్మినప్పుడు ఇక్కడ ఉండేవాళ్లకు బ్రోకర్ కూడా టీడీఎస్ కోయడు. దాన్ని మీరే, సాధారణంగా ఐటీఆర్-2లో, క్యాపిటల్ గెయిన్స్ కింద చూపాలి. ఏమీ అమ్మకపోయినా లిస్ట్ కాని కంపెనీ షేర్లు చేతిలో ఉంటే ఐటీఆర్-1 కుదరదు, ఐటీఆర్-2లోనే ఆ షేర్ల వివరాలు ఇవ్వాలి.

అమ్మకం లాభం మీద పన్ను జులైలో రిటర్న్‌తో కడితే చాలు కదా?

టీడీఎస్ పోను కట్టాల్సింది ₹10,000 లేదా అంతకంటే ఎక్కువైతే అడ్వాన్స్ టాక్స్ కట్టాలి, లేదంటే వడ్డీ పడుతుంది. నవంబరులో అమ్మితే డిసెంబరు 15 వాయిదాతో కలిపి కట్టండి. అమ్మకముందు వాయిదాలు దాటిపోయాయని ఆ లాభానికి వడ్డీ వేయరు. ఆ తలనొప్పి వద్దనుకుంటే లాభం వివరాలు పేరోల్‌కు చెప్పండి, మిగిలిన నెలల జీతంలోంచి పన్ను కోసేస్తారు.